విచారణాధికారి మీద పక్షపాత అభ్యంతరం: ఎప్పుడు, ఎలా చెప్పాలి, ‘వేరే దారి లేదు’ అంటే ఏం చేయాలి

మీకు ఛార్జిమెమో వచ్చింది. విచారణ జరపబోయే అధికారికో, ఆ తర్వాత శిక్ష నిర్ణయించే అధికారికో ఈ వ్యవహారంతో సొంత సంబంధం ఉందని మీకు తెలుసు. ఫిర్యాదు చేసింది ఆయనే కావచ్చు, సాక్షి కావచ్చు, ఫిర్యాదుదారుకు దగ్గరి బంధువు కావచ్చు. తన వ్యవహారంలో తానే తీర్పరి కాకూడదన్న సూత్రం మీ పక్షాన ఉన్నట్టే కనిపిస్తుంది. అయినా ఇలాంటి కేసుల్లో చాలామంది ఓడిపోతారు. అభ్యంతరంలో బలం లేక ఓడేవారి సంగతి అటుంచితే, బలమైన అభ్యంతరం ఉండి కూడా రెండు చోట్ల దెబ్బ తినేవారు ఉంటారు. తెలిసి కూడా సకాలంలో చెప్పకపోవడం మొదటిది. దాన్ని న్యాయస్థానాలు అభ్యంతరాన్ని వదులుకోవడంగా చూస్తాయి. ‘ఈ పని చేయడానికి చట్టం ప్రకారం వేరెవరూ లేరు’ అని అధికారి అనగానే నమ్మి ఊరుకోవడం రెండోది. అధికారి చేసే ఆ వాదనను అనివార్యత సూత్రం అంటారు. మొదటి పొరపాటు జరగకుండా చూసుకోవడం, రెండో వాదన నిజమో కాదో పరీక్షించడం ఎలాగో కింద చెబుతున్నాను. ఉదాహరణకు ప్రభుత్వ ఉద్యోగి మీద జరిగే శాఖాపరమైన విచారణను తీసుకున్నాను. ఎంపిక కమిటీలకు, టెండర్లకు కూడా దాదాపు ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మొదటి మెట్టు: సంబంధాన్ని తేదీలతో రాసుకోండి

పక్షపాతం నిజంగా ఉందని మీరు రుజువు చేయనక్కర్లేదు. సంగతులు తెలిసిన మామూలు మనిషికి ఆ అధికారి మొగ్గు చూపవచ్చునన్న సహేతుకమైన భయం కలుగుతుందా అన్నదే మన న్యాయస్థానాలు చూస్తాయి. డబ్బుకు సంబంధించిన ప్రయోజనమైతే అది ఎంత చిన్నదైనా అనర్హతే. మిగతా సంబంధాల్లో ఆ సంబంధం ఎంత దగ్గరిదో చూస్తారు. అందుకే ‘ఆయనకు నేనంటే గిట్టదు’ అని రాస్తే పని జరగదు. ఏ తేదీన ఏ కాగితం మీద ఆయన సంతకం ఉంది, ఏ తనిఖీలో ఆయన స్వయంగా ఉన్నారు, ఏ ప్రాథమిక నివేదికలో మీది తప్పేనని ముందే తేల్చేశారు అన్నవి రాయాలి. వీటితో పాటు ఇంకో తేదీ కావాలి, చాలామంది మరిచిపోయేది అదే: ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది? వదులుకోవడం అన్న ప్రశ్న మొత్తం ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

రెండో మెట్టు: తెలిసిన వెంటనే లిఖితపూర్వకంగా చెప్పండి

ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఎందుకంటే ఇక్కడ జారినవారికి తర్వాతి మెట్లతో పని ఉండదు.

1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాణక్ లాల్ కేసు ఇప్పటికీ దారి చూపుతుంది. రాజస్థాన్‌కు చెందిన ఒక న్యాయవాది మీద వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చింది, విచారించడానికి ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ వేశారు. ఆ ట్రిబ్యునల్ అధ్యక్షుడు అంతకు ముందు ఫిర్యాదుదారు తరఫున ఒక కేసులో వాదించిన వకీలు. అలాంటి వ్యక్తి అధ్యక్షుడిగా కూర్చోకూడదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన మనసులో పక్షపాతం ఉందా లేదా అని తరచి చూడనక్కర్లేదని కూడా అంది. అంటే అభ్యంతరం నూటికి నూరు పాళ్లూ న్యాయమైనదే. అయినా మాణక్ లాల్ ఓడిపోయారు. ట్రిబ్యునల్ ముందు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నివేదిక తనకు వ్యతిరేకంగా వచ్చాక హైకోర్టులో మొదటిసారి ఆ సంగతి ఎత్తారు. వాస్తవాలూ తెలుసు, హక్కూ తెలుసు, అయినా అనుకూలంగా వస్తుందేమో చూద్దామని వేచి ఉన్నారని కోర్టు భావించింది.

1976లో లక్నో విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవికి పోటీ పడిన డాక్టర్ సరణ విషయంలోనూ ఇదే జరిగింది. ఎంపిక కమిటీలో ఎవరు ఉన్నారో తెలిసే ఇంటర్వ్యూకు వెళ్లారు, ఎంపిక కాకపోయాక పక్షపాతం అన్నారు, కోర్టు వినలేదు. 2011లో జస్టిస్ దినకరన్ కేసులో విచారణ కమిటీ సభ్యుడైన సీనియర్ న్యాయవాది మీద వ్యక్తమైన భయం సహేతుకమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది, కానీ కమిటీ ఏర్పడ్డ 2010 జనవరి నుంచి చాలాకాలం మౌనంగా ఉండి తర్వాత చెప్పారు కాబట్టి పిటిషన్ కొట్టేసింది. ఆ సభ్యుడి స్థానంలో మరొకరిని నియమించాలని రాజ్యసభ ఛైర్మన్‌ను కోరింది కానీ, అది కోర్టు ఔచిత్యంతో చేసిన పని. అలాంటిది తనకూ దొరుకుతుందని ఎవరూ లెక్క వేసుకోకూడదు.

కాబట్టి విచారణాధికారిని నియమిస్తూ ఉత్తర్వు అందగానే అభ్యంతరం పెట్టాలి. మొదటి హాజరు తేదీకి ముందే అయితే మంచిది. సంగతి మధ్యలో తెలిస్తే, తెలిసిన రోజునే లేదా తర్వాతి వాయిదాలో చెప్పండి, ఆలస్యానికి కారణమూ రాయండి. నోటితో చెప్పి ఊరుకుంటే లాభం లేదు. రోజువారీ ఉత్తర్వుల పుస్తకంలో నమోదు చేయమని అడగండి, నమోదు చేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

వదులుకోవడానికీ హద్దులున్నాయి. మీకు వాస్తవం తెలియకపోతే మీరు వదులుకున్నట్టు కాదు. అధికారి తన సంబంధాన్ని దాచిపెడితే ఆ మౌనం మీ తప్పు కాదు. చట్టం ప్రకారం అసలు అధికారమే లేనివారు విచారణ జరిపితే, మీరు ఊరుకున్నంత మాత్రాన వారికి అధికారం రాదు. ఒప్పంద వివాదాల్లో మధ్యవర్తుల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది: మధ్యవర్తిత్వ చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత, దాని ఏడో షెడ్యూలులో చెప్పిన సంబంధాలున్న వ్యక్తి మధ్యవర్తి కావడానికి అనర్హుడు. వివాదం తలెత్తిన తర్వాత ఇరుపక్షాలూ స్పష్టంగా రాసి ఒప్పుకుంటే తప్ప ఆ అనర్హత పోదు. క్లెయిమ్ స్టేట్‌మెంట్ వేశారు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న వాదనను సుప్రీంకోర్టు 2019లో తోసిపుచ్చింది. శాఖాపరమైన విచారణలో మీకు ఆ రక్షణ లేదు, అక్కడ మౌనం ఒప్పుకోలే అవుతుంది.

మూడో మెట్టు: దరఖాస్తులో ప్రత్యామ్నాయాన్ని కూడా చూపించండి

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్ మీద స్టోర్సు సరుకు తగ్గిందన్న అభియోగం ఉంది. ఆకస్మిక తనిఖీ చేసింది జిల్లా అధికారే. పంచనామా మీద ఆయనే సంతకం చేశారు, ఛార్జిమెమో ఇచ్చిందీ ఆయనే, శిక్ష వేసే అధికారీ ఆయనే. తనిఖీలో తన వెంట వచ్చిన సూపరింటెండెంటునే విచారణాధికారిగా వేశారు. ఇక్కడ రెండు వేర్వేరు అభ్యంతరాలున్నాయి, రెండింటినీ కలిపేస్తే కేసు బలహీనపడుతుంది.

సూపరింటెండెంటు సంగతి తేలిక. ఆయన సాక్షి కాబోతున్నారు, విచారణాధికారిగా ఎవరినైనా వేయవచ్చు, కాబట్టి అనివార్యత అన్న మాటే రాదు. జిల్లా అధికారి సంగతి వేరు. శిక్ష విధించే అధికారం నిబంధనల ప్రకారం ఆయనకే ఉంది. అందుకే ఇక్కడ మీ దరఖాస్తు ‘తప్పుకోండి’ అని మాత్రమే చెబితే సరిపోదు. ఎవరు ఆ స్థానంలో కూర్చోవచ్చో చూపించాలి. సుమారుగా ఇలా ఉండాలి:

“తేది … న జరిగిన తనిఖీలో తమరు స్వయంగా పాల్గొని, పంచనామాపై సంతకం చేసినందున, తమరిని సాక్షిగా ప్రశ్నించవలసిన అవసరం నాకు ఉన్నది. కనుక ఈ వ్యవహారంలో నిర్ణయాధికారం తమ వద్ద ఉండడం సహజ న్యాయానికి విరుద్ధమని సవినయంగా మనవి చేయుచున్నాను. ఈ వాస్తవం నాకు ఛార్జిమెమోతో జతచేసిన పత్రాలు అందిన తేది … న తెలిసినది. తమ పై అధికారికి లేదా ప్రభుత్వం ప్రత్యేకంగా నియమించే మరొక అధికారికి ఈ కేసును అప్పగించుటకు అవకాశం ఉన్నందున, ఆ విధంగా చేయవలసినదిగాను, ఈ మనవిపై నిర్ణయం వెలువడే వరకు విచారణను నిలుపుదల చేయవలసినదిగాను కోరుచున్నాను.”

భాష ఎంత మర్యాదగా ఉంటే అంత మంచిది. కోపంతో రాసిన దరఖాస్తును చూసి విచారణను సాగదీయడానికి చేసిన ఎత్తుగడ అనుకోవడం మామూలే.

విచారణాధికారి మీద ఇలాంటి అభ్యంతరం వస్తే విచారణను ఆపి, దరఖాస్తును తగిన సమీక్షాధికారికి పంపాలని కేంద్ర ప్రభుత్వం 1972 నవంబరు 9న సూచనలు జారీ చేసింది. కేంద్ర ఉద్యోగులు దాన్ని ఉదహరించవచ్చు. రాష్ట్ర ఉద్యోగులైతే తమ క్రమశిక్షణ నిబంధనలనే ఆధారం చేసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో 1991 నాటి సివిల్ సర్వీసుల నిబంధనల ప్రతి దగ్గర పెట్టుకుని, మీ పదవికి శిక్ష విధించగల అధికారులు ఎవరెవరో అందులోని పట్టికల్లో చూడండి.

ఒక మెలిక ఉంది. పై అధికారి చేతికి కేసు వెళితే, ఆయన దగ్గర మీకున్న అప్పీలు పోతుంది. ఆయనే మొదటి నిర్ణయం చేసేశారు గనుక ఆయనకే అప్పీలు చేసుకోలేరు. ఒక బ్యాంకు అధికారిని కింది అధికారికి బదులు అప్పీలు వినవలసిన అధికారే శిక్షించి, అప్పీలు లేకుండా చేసిన కేసులో సుప్రీంకోర్టు 1995లో ఆ ఉత్తర్వును నిలబెట్టలేదు. కాబట్టి అదే దరఖాస్తులో, అప్పీలు దానికి పై అంచెకు వెళ్లే ఏర్పాటు చేయమని కూడా అడగండి.

నాలుగో మెట్టు: ‘వేరే దారి లేదు’ అన్న జవాబును పరీక్షించండి

అనివార్యత సూత్రం నిజమైనదే. నిర్ణయం చేయగల మరొకరిని చట్టం అనుమతించనప్పుడు, అనర్హుడు తప్పుకుంటే ఎవరూ నిర్ణయించలేని స్థితి వస్తే, చట్టం స్తంభించిపోకుండా ఆయన్నే నిర్ణయించనిస్తారు. కానీ ఈ సూత్రాన్ని అవసరమైనంత వరకే వాడాలి. ఎవరైనా ఈ మాట అంటే మూడు ప్రశ్నలు వేయండి.

ఆ అధికారి స్థానంలో మరొకరిని నియమించే అధికారం ఎవరికైనా ఉందా? ఉంటే, దాన్ని వాడటానికి బద్ధకించి అనివార్యత అనడం కుదరదు. ఒడిశాలో పాఠశాలలకు పుస్తకాలు కొనే కమిటీలో, పోటీలో ఉన్న పుస్తకాల రచయితలే సభ్యులుగా కూర్చున్నప్పుడు సుప్రీంకోర్టు 1984లో ఇదే మాట చెప్పింది. వారిని మార్చి వేరేవారిని వేయడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు కాబట్టి అక్కడ అనివార్యత లేదు.

బృందంలో మిగిలినవారు కోరం సరిపడా ఉన్నారా? ఉంటే, సంబంధం ఉన్న సభ్యుడు పక్కకు జరగాలి. రాజ్యాంగబద్ధమైన పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుడి బంధువు ఇంటర్వ్యూకు వస్తే ఏం చేయాలో 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో చెప్పారు. ఆ బంధువు ఇంటర్వ్యూ జరిగినంతసేపూ ఆ సభ్యుడు బయటకు వెళ్లాలి, ఆ అభ్యర్థి గురించి చర్చలో పాల్గొనకూడదు, అతని మార్కులు ఈయనకు చూపించకూడదు. కమిషన్ సభ్యుడి స్థానంలో బయటివారిని కూర్చోబెట్టలేరు కాబట్టి మిగతా అభ్యర్థుల ఎంపికలో మాత్రం ఉండవచ్చు. మామూలు ఎంపిక కమిటీ అయితే ఆ సభ్యుడు మొత్తం ఎంపిక నుంచే తప్పుకోవాలి.

తప్పనిసరి అయినా ఆయన చేయవలసిన పని ఎంత? దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 1996లో ఎన్నికల సంఘం కేసు. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత శాసనసభ సభ్యత్వానికి అనర్హురాలని సుబ్రమణ్యస్వామి గవర్నరుకు ఫిర్యాదు చేశారు. రాజ్యాంగం 192వ అధికరణం ప్రకారం గవర్నరు ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకోవాలి, ఆ అభిప్రాయం ప్రకారమే నడవాలి. ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్‌కూ స్వామికీ సాన్నిహిత్యం ఉంది, స్వామి భార్య శేషన్ తరఫున ఒక కేసులో న్యాయవాది. అయితే అప్పటికి సంఘంలో మరో ఇద్దరు కమిషనర్లు కూడా ఉన్నారు. కాబట్టి ‘శేషన్ లేకపోతే సంఘమే లేదు’ అన్న వాదన నిలవలేదు. అలాగని ఆయన్ను పూర్తిగా తుడిచేయలేదు కూడా. సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇది: శేషన్ సమావేశం పిలిచి, తాను పక్కకు జరిగి, నిర్ణయాన్ని మిగతా ఇద్దరికీ వదిలేయాలి. ఇద్దరూ ఒకే మాట చెబితే అదే సంఘం అభిప్రాయం. ఇద్దరూ విభేదించి ముడి పడితేనే, మరో మార్గం లేక ఆయన తన అభిప్రాయం చెప్పాలి. అనివార్యత ఎంతవరకో చూపించిన తీర్పు ఇది. ఆయన్ను మొదట్లోనే కూర్చోబెట్టలేదు, చివరి క్షణానికి మాత్రమే ఆ అవకాశం ఉంచారు.

మన ఊహా కేసుకు ఈ ప్రశ్నలు వేసి చూడండి. జిల్లా అధికారి స్థానంలో పై అధికారి కూర్చోవచ్చు. నియమించిన అధికారి కంటే కిందివారు ఉద్యోగం నుంచి తీసేయకూడదన్నదే 311వ అధికరణం నిషేధం, పైవారి మీద నిషేధం లేదు. కాబట్టి అనివార్యత నిలవదు. అదే సందర్భంలో చట్టం ఒక్క వ్యక్తి పేరే చెప్పి, ఆయన పని మరొకరికి అప్పగించే వీలు ఇవ్వకపోతే, జవాబు మారుతుంది.

శాఖ చేసే పని మీద ఆ శాఖాధికారే తీర్పు చెప్పడం వేరు, సొంత ఆసక్తి వేరు. ఈ తేడాకు మన రాష్ట్రం నుంచే ఒక జత తీర్పులున్నాయి. 1950ల చివర్లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బస్సు మార్గాల జాతీయకరణ పథకం తెస్తే, ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. రవాణా శాఖ కార్యదర్శి అభ్యంతరాలు విన్నారు, ముఖ్యమంత్రి ఆమోదించారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. కార్యదర్శి ఆ శాఖలో భాగం, పైగా విన్నవారొకరు, నిర్ణయించినవారొకరు అని కారణం చెప్పింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని నిర్ణయిస్తే, రెండోసారి దాఖలైన కేసులో దాన్ని నిలబెట్టింది. కార్యదర్శిలా మంత్రి శాఖలో ఒక భాగం కాదని తేడా చూపింది. ఈ తేడా కొంచెం సన్నగానే ఉందని నా అభిప్రాయం, కానీ విధాన నిర్ణయాల్లో కోర్టులు ఎంతవరకు సర్దుకుంటాయో చూపిస్తుంది. మీ కేసులో కేవలం ‘అది కూడా అదే శాఖ’ అన్న వాదన చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొక హద్దు: సంబంధం ఉండీ తప్పనిసరిగా నిర్ణయించవలసిన వ్యక్తికి ఈ సూత్రం రక్షణ ఇస్తుందే తప్ప, నిజమైన కక్షతో, ముందే తేల్చుకున్న మనసుతో చేసిన నిర్ణయానికి ముసుగు కాదు. దురుద్దేశాన్ని ఆధారాలతో చూపగలిగితే ఆ సవాలు వేరుగా మిగిలే ఉంటుంది.

ఐదో మెట్టు: దరఖాస్తు తిరస్కరించాక ఎలా నడుచుకోవాలి

తిరస్కరిస్తే విచారణకు వెళ్లడం మానేయకండి. మానేస్తే ఏకపక్షంగా పూర్తి చేస్తారు, అసలు వాదన కూడా పోతుంది. మొదటి హాజరులోనే ‘నా అభ్యంతరాన్ని నిలుపుకుంటూ, నిరసనతో పాల్గొంటున్నాను’ అని ఒక వాక్యం రికార్డు చేయించండి. ఒకసారి సరిగా చెప్పి, నిరసనతో పాల్గొన్నవారు వదులుకున్నట్టు కాదు. విచారణ నడుస్తుండగా హైకోర్టుకు వెళ్లవచ్చు, కానీ మధ్యలో జోక్యం చేసుకోవడానికి హైకోర్టులు సాధారణంగా ఇష్టపడవు. ఫిర్యాదుదారే విచారణాధికారి అయినంత స్పష్టమైన సందర్భంలోనే ఆ ప్రయత్నం ఖర్చుకు తగ్గది. లేకపోతే తుది వాదనలో, తర్వాత అప్పీలులో అదే అభ్యంతరాన్ని మళ్లీ మళ్లీ చెబుతూ పోవాలి. ఒక అంచెలో వదిలేస్తే అవతలివారు దాన్నే ఎత్తి చూపుతారు.

మీరే ఆ కుర్చీలో ఉంటే

ఇదంతా చదువుతున్నవారు అధికారులు కూడా కావచ్చు. మీకు సంబంధం ఉందనిపిస్తే ఎవరూ అడగకముందే ఫైలులో రాయండి. సంబంధం ఏమిటో, మీ బదులు ఎవరు చేయగలరో, చేయలేకపోతే ఏ నిబంధన ప్రకారం చేయలేరో రాసి పై అధికారికి పంపండి. జవాబు లిఖితపూర్వకంగా వచ్చే వరకు ముందుకు వెళ్లకండి. తప్పనిసరి అని తేలితే మీ పాత్రను కనీసానికి కుదించుకోండి. సాక్ష్యాల సేకరణ, నివేదిక ఇతరులకు వదిలి, చట్టం మీరే చేయాలన్న ఒక్క పని మాత్రమే చేయండి, ఎందుకు చేయవలసి వచ్చిందో ఉత్తర్వులోనే కారణాలతో రాయండి. ఇరుపక్షాలూ మీ సంబంధం తెలిసి ‘మాకు అభ్యంతరం లేదు’ అంటే, ఆ మాటను సంతకంతో తీసుకోండి. అభ్యంతరం చెప్పలేని భయంలో ఉన్న కింది ఉద్యోగి చేత అలా రాయించుకుంటే తర్వాత అది నిలవదని గుర్తుంచుకోండి.

చివరకు అభ్యంతరం నెగ్గితే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. శిక్ష రద్దవుతుంది, కానీ సాధారణంగా ఆరోపణలు రద్దు కావు. పక్షపాతం సోకిన దశ నుంచి మరో అధికారితో మళ్లీ విచారణ జరపడానికి కోర్టు శాఖకు వీలు ఇస్తుంది. జిల్లా అధికారి సంతకం చేసిన పంచనామా అప్పుడు కూడా రికార్డులో ఉంటుంది. ఈసారి ఆయన సాక్షిగా బోనులో నిలబడతారు, ఆయన్ను మీరు క్రాస్ ఎగ్జామినేషన్ చేయవచ్చు.